పదకొండు వేల మూడువందల ఎనభై ఆరు ఫొటోలు

కొండమీది గూడెం నుంచి ఆమె మా ఇంటికి వచ్చింది సెప్టెంబరు 12, శుక్రవారం. అరకు సంత రోజు. తలమీద కొండ చీపుర్ల మోపు దించి అరుగుమీద పెట్టి, నడుముకు కట్టుకున్న మూటలోంచి నాలుగు మడతల కాగితం తీసి నాకిచ్చింది. కాగితం నుంచి చోడి పిండి, అంటే రాగి పిండి, రాలింది.

"ఎక్కడ దాచావే దీన్ని?"

"చోడి కుండలోనమ్మా. ఎలకలు కొట్టేత్తాయని. మా ఊర్లో బడికెళ్ళే గుంట సదివి, ఇది మంచి కాయితం కాదత్తా, టీచరమ్మకి సూపించు అన్నాది."

డివిజను కమిటీ ఉత్తర్వు అది. ఒక ఎకరం నలభై సెంట్ల కొండ పొలానికి ఆమె పెట్టుకున్న అటవీ హక్కు దరఖాస్తును తిరస్కరించారు. కారణం ఒకటే వాక్యం. ఉపగ్రహ చిత్రంలో ఆ స్థలం దట్టమైన చెట్లతో అడవిగా కనిపిస్తోంది, సాగు ఆనవాళ్ళు లేవు.

సాగు ఆనవాళ్ళు లేకపోవడమేమిటి! ఆ పొలంలో కాఫీ ఉంది. కాఫీకి నీడ కావాలి, నీడకు సిల్వర్ ఓక్ చెట్లు వేస్తారు, వాటి మొదళ్ళకు మిరియం పాకిస్తారు. కింద నిలబడి చూస్తే తోట. ఆకాశం నుంచి చూస్తే అడవి. మా ప్రాంతంలో ఈ సంగతి పిల్లలకు కూడా తెలుసు.

ఉత్తర్వు ఆమె చేతికి అందింది ఆగస్టు 8న. జిల్లా కమిటీకి అప్పీలు పెట్టుకోవడానికి అరవై రోజులు గడువు. అంటే అక్టోబరు 7. చోడి కుండలో ముప్ఫై అయిదు రోజులు గడిచిపోయాయి. మిగిలినవి ఇరవై అయిదు.

అటవీ హక్కుల చట్టం అడిగేది ఒక్కటి. 2005 డిసెంబరు 13కు ముందే ఆ నేల మీ చేతిలో ఉందా? ఆమె భర్త పోయి తొమ్మిదేళ్ళయింది. ఊరి పెద్దల సాక్ష్యం దరఖాస్తులో ఉంది, అది చాలలేదు. ఇంకేమైనా ఆధారం కావాలి. అప్పుడు నేను అనకూడని మాట అన్నాను.

"నా దగ్గర ఫొటో ఉంది. మీ ఆయన ఆ పొలంలో కాఫీ మొక్క పట్టుకుని నిలబడ్డ ఫొటో. 2004లో నేనే తీశాను."

ఆమె నా కాళ్ళు పట్టుకోబోయింది. తిట్టి లేపాను. "మరింక బయమేటి, ఉన్నాదన్నావు కదా" అని మోపు ఎత్తుకుని సంతకు వెళ్ళిపోయింది.

ఫొటో ఉంది గాని, ఎక్కడుందో నాకు తెలియదు.

నేను ముప్ఫై మూడేళ్ళు ఇక్కడి ఆశ్రమ పాఠశాలలో లెక్కలు చెప్పాను. సెలవు రోజున బడి మానేసిన పిల్లల కోసం గూడేలకు నడిచేదాన్ని, కెమెరా భుజాన ఉండేది. ప్రతి ఫొటోకూ తేదీ, ఊరు, ఫిల్ము నంబరు నోటు పుస్తకంలో రాసేదాన్ని. అలా ఏడు పుస్తకాలయ్యాయి. పెద్ద తుఫానులో మా పెంకులు లేచిపోయిన రోజున ఆ ఏడూ నీళ్ళలో నానాయి. సిరా ఒక్క అక్షరం మిగల్లేదు. నెగటివ్‌లు మాత్రం రేకు పెట్టెలో, ప్లాస్టిక్ కవర్లలో ఉండి బతికాయి. తరవాత కొండ దిగి మైదానపు ఊళ్ళో ఒక స్టూడియోవాడికిచ్చి వాటిని కంప్యూటర్లోకి ఎక్కించాను. వాడు కవర్లన్నీ కలిపేసి ఎక్కించాడు. ఫిల్ము ఫొటోలు 6,204. తరవాతి కాలపు డిజిటల్ కెమెరావి, ఫోనువి 5,182. మొత్తం 11,386. ఫిల్మువాటన్నిటికీ తేదీ ఒకటే. స్టూడియోవాడు ఎక్కించిన తేదీ.

మర్నాటి నుంచి ఒక్కొక్కటీ తెరిచి చూడడం మొదలుపెట్టాను. నా కుడి కంటికి శుక్లం ఆపరేషను అయింది, ఎడమ కంటికి కాలేదు. ఇరవై నిమిషాలకు కళ్ళలో నీళ్ళు కారేవి. మొదటి రోజు 640, రెండో రోజు 810. మూడో రోజు తల పోటుతో మంచం దిగలేదు. ఈ వేగంతో గడువు లోపల ఒకసారి పూర్తవుతుంది, సరే. అలిసిన కంటికి తప్పిపోయిన దాన్ని మళ్ళీ చూసే వ్యవధి మాత్రం ఉండదు.

మా పక్కింటాయన సీలేరు పవర్‌హౌసులో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. డెబ్భై ఒకటి. నాకన్నా రెండేళ్ళు చిన్న. ఆయనకు కంప్యూటర్ల పిచ్చి. నా గది కిటికీ రెండు రోజులుగా మూసి ఉండడం చూసి వచ్చారు. విషయం చెప్పాను.

"ఏటండీ టీచర్ గారూ, పదకొండు వేలూ కంటితో చూస్తారా? మాటతో వెతకొచ్చు."

"పేర్లే లేవండీ. ఏ మాటతో వెతుకుతాను?"

"పేరక్కర్లేదు. బొమ్మలో ఏముందో దాంతో వెతకడమే."

ఆయన తన ల్యాప్‌టాప్‌లో ఉన్న ప్రోగ్రామును నా దాన్లోకి ఎక్కించారు. అందరికీ ఉచితంగా దొరికేదేనట. అది పనిచేసే తీరు చెప్పమంటే మొదట, "మీకెందుకండీ, పని అవుతుంది కదా" అన్నారు. నేను ఊరుకోలేదు. నాకు అర్థం కాని లెక్కమీద ఒక మనిషి పొలం పెట్టను.

అప్పుడు చెప్పారు. ఇంటర్నెట్లో ఉన్న కోట్ల ఫొటోలనీ, వాటి కింద మనుషులు రాసిన మాటలనీ జతలు జతలుగా చూపించి ఒక మోడల్‌ను తయారుచేశారు. అది ఏ ఫొటోనైనా 512 అంకెల వరసగా మారుస్తుంది. ఏ మాటనైనా అంతే, 512 అంకెల వరస. ఫొటోలో ఉన్నదీ మాట చెప్పేదీ ఒకటే అయితే ఆ రెండు వరసలూ దగ్గరగా పడేలా దానికి నేర్పారు. మనం మాట కొడితే దాని వరసను ప్రతి ఫొటో వరసతోనూ పోలుస్తుంది. మొదటి అంకెను మొదటిదాంతో, రెండోదాన్ని రెండోదాంతో గుణించి, 512 లబ్ధాలనూ కూడుతుంది. వచ్చిన మొత్తం ఎక్కువైన ఫొటో పైన, తక్కువైనది కింద.

నేను కాగితంమీద వేసి చూశాను. ఒక్కో అంకెకు నాలుగు బైట్లు. 512 నాలుగులు 2,048. దాన్ని 11,386తో గుణిస్తే 2,33,18,528 బైట్లు. ఇరవై మూడు మెగాబైట్ల పైచిలుకు. నా మొత్తం జీవితం ఒక సినిమా పాట వీడియో కన్నా తక్కువ చోటులో పట్టింది.

ఫొటోలన్నిటినీ అంకెలుగా మార్చే పని ఒకేసారి చెయ్యాలి. మా పాత ల్యాప్‌టాప్‌కు ఒక్కో ఫొటోకు సెకను. మూడు గంటల తొమ్మిది నిమిషాల నలభై ఆరు సెకన్లు కావాలి. వర్షానికి కరెంటు మూడుసార్లు పోయింది. సెప్టెంబరు 17 మధ్యాహ్నానికి అయింది. గడువు ఇక ఇరవై రోజులు.

ఆ మోడల్‌కు ఇంగ్లీషే సరిగా వచ్చు. తెలుగులో కొడితే ఏవో గోడలూ గేదెలూ చూపించింది. కాఫీ మొక్క పట్టుకున్న మనిషి అని ఇంగ్లీషులో కొట్టాను.

రెప్పపాటులో వచ్చాయి. మొదటిదానికి వచ్చిన మొత్తం 0.29. అందులో మా పెద్ద వీధిలో టీ గ్లాసు పట్టుకున్న సిటీ అబ్బాయి.

"నూటికి ఇరవై తొమ్మిది వచ్చినవాడు ఫస్టా?" అన్నాను.

ఇంజనీరు గారు నవ్వారు. "ఇది మీ బడి కాదండీ. ఇక్కడ ముప్ఫై వస్తే డిస్టింక్షన్. మాటకీ బొమ్మకీ అంతకన్నా దగ్గర కుదరదు. మార్కు చూడకండి, వరస చూడండి."

వరస చూశాను. మొదటి రెండువందలూ చూశాను. కాఫీ పళ్ళు ఆరబోసిన అరుగులు, కాఫీ తోటలో ఫొటోలు దిగుతున్న టూరిస్టులు, తోట ముందు నా చెల్లెలు. ఆ మనిషి లేడు.

మాటలు మార్చాను. కొండమీద మొక్కలు నాటుతున్న రైతు. గునపంతో గొయ్యి తవ్వుతున్న మనిషి. అన్నిటికీ ఏదో ఒకటి వచ్చేది. అదే నన్ను ఎక్కువ కుంగదీసింది. లేదు అనే మాట దానికి రాదు. బడిలో మంచి పిల్లవాడు తెలియకపోతే తెలియదంటాడు. ఇది ఎప్పుడూ పదకొండు వేల మూడువందల ఎనభై ఆరింటినీ వరసలో నిలబెట్టి, మొదట నిలబడినవాణ్ణి చూపిస్తుంది. ఉన్నవాటిలో అది దగ్గర. అంతే. అసలు ఫొటో ఉందో లేదో చెప్పదు.

చెట్లు లేని పొలం అని కొట్టాను. చెట్లు వచ్చాయి. "లేని అన్నది దానికి సరిగా ఎక్కదండీ. చెట్లు అన్న మాట విని చెట్లు తెచ్చింది" అన్నారు ఇంజనీరు గారు. 2004 అని కొట్టాను. అది తేదీ వెతకలేదు, అంకెలు రాసి ఉన్న ఫొటోలు తెచ్చింది. గోడమీద రాతలు, బస్సు నంబర్లు.

మూడో రోజున, ఎందుకు చేశానో నాకే తెలియదు, అడవి అని ఒక్క మాట కొట్టాను. మూడో ఫొటో ఆమె కాఫీ తోట. రెండేళ్ళ క్రితం నేనే ఫోనుతో తీసింది. కింద కాఫీ మొక్కలు నీడలో కలిసిపోయి ఉన్నాయి. సిల్వర్ ఓక్ బోదెలు నిటారుగా పైకి పోయి ఉన్నాయి.

ల్యాప్‌టాప్ మూసేశాను. నేలమీద నిలబడి తీసిన ఫొటోను చూసి ఇది కూడా అడవి అంటే, పైనుంచి చూసినవాళ్ళను ఏమనను?

ఆ వారంలో నేను సరిగా తినలేదు. సెప్టెంబరు 19 సంతకు ఆమె వచ్చి, "దొరికినాదా అమ్మా?" అని అడిగి, నా ముఖం చూసి మరి అడగలేదు. ఒక సీతాఫలం పెట్టి వెళ్ళింది. అది తినడానికి కూడా నాకు ధైర్యం చాలలేదు. నేను ఫొటో ఉందని చెప్పకపోతే ఆమె ఇంకెవరినైనా ఆశ్రయించేదేమో. ఇంకో సాక్షిని, ఇంకో కాగితాన్ని వెతుక్కునేదేమో. నా మాట నమ్మి కూర్చుంది. అప్పటికి 140 రకాల మాటలు కొట్టాను. అన్నీ ఒక కాగితంమీద రాసి ఉంచాను, కొట్టిందే కొట్టకుండా.

సెప్టెంబరు 26, మళ్ళీ శుక్రవారం. గడువు పదకొండు రోజులు. ఈసారి ఆమెను లోపలికి పిలిచి కుర్చీలో కూర్చోబెట్టాను. ఆమె కుర్చీలో కూర్చోక నేలమీద కూర్చుంది. ఇంజనీరు గారు కూడా ఉన్నారు.

"ఆ రోజు ఏం జరిగిందో నువ్వు చెప్పు. నేను కాదు, నువ్వు చెప్పు" అన్నాను.

"ఏటి సెప్తానమ్మా? నువ్వు ఒచ్చినావు. మా గుంటని బడికి పంపమని తిట్టినావు. ఆయన పొలంలో ఉన్నాడు. ఫొటో తీత్తానన్నావు. ఆయన ఇంటికి పరిగెట్టినాడు."

"ఎందుకు?"

"ఎందుకేటి! గోసీతో ఫొటో దిగుతాడేటి? పెళ్ళిలో కుట్టించిన తెల్ల సొక్కా ఏసుకుని, తల దువ్వుకుని ఒచ్చినాడు. నువ్వేమో ఎండెక్కిపోతాంది బేగి రారా అని కేకలు."

ఇంజనీరు గారు నావైపు చూశారు. "పని చేస్తున్న రైతు అని నూట నలభై సార్లు కొట్టారు మీరు."

నిజమే. ఇక్కడ ఎవరూ పని బట్టల్లో ఫొటో దిగరు. ముప్ఫై మూడేళ్ళు తీసినదాన్ని, నాకు తెలియని విషయం కాదు. ఫొటో అంటే ఉతికిన బట్ట, దువ్విన తల, చేతిలో ఇంట్లోకెల్లా మంచి వస్తువు. నాకు పొలం కావాలి కాబట్టి పొలంలో పనిచేసే మనిషినే వెతుకుతున్నాను.

"చేతిలో మొక్క ఉంది కదా?" అన్నాను.

ఆమె నవ్వింది. పదిహేను రోజుల్లో ఆమె నవ్వడం అదే మొదలు. "మొక్కేటమ్మా? నువ్వు మొక్క అట్టుకోరా అన్నావు. ఆడు ఇన్నాడా? రేడియో అట్టుకున్నాడు! మా తమ్ముడి రేడియో. మొక్క ఎవుడైనా అట్టుకుంటాడు, రేడియో అందరికీ ఉన్నాదేటి అన్నాడు. నీకు కోపమొచ్చి మొకం తిప్పుకున్నావు."

నేను గుర్తుంచుకున్నది ఫొటోను కాదు. నేను అతనికి చెప్పిన మాటను.

తెల్ల చొక్కాతో రేడియో పట్టుకుని ఆరుబయట నిలబడ్డ మనిషి. ఇంగ్లీషులో కొట్టాను. మొదటి ఫొటో. 0.33.

ఆమె లేచి దగ్గరకు వచ్చి, తెరకు జానెడు దూరంలో ముఖం పెట్టి చూసింది. "ఈడే" అంది. కొంగుతో ముక్కు తుడుచుకుంది. "సొక్కా బొత్తాం తప్పు పెట్టుకున్నాడు, సూడు."

ఫైలు నంబరు 1,214. నేను రెండో రోజు కంటితో చూసిన వాటిలోనే ఉంది. చూసి దాటేశాను.

ఆ ఫొటోలో కాఫీ లేదు. ఒక్క మొక్క కూడా లేదు. అతని వెనక కోసేసిన చోడి మోళ్ళు, ఒక రాతి గట్టు, నడుమెత్తు సిల్వర్ ఓక్ మొక్కలు కొన్ని, ఆ వెనక ఏనుగు వీపులాంటి కొండ. ఇప్పుడది కాఫీ తోట కాబట్టి అప్పుడూ కాఫీ ఉందనుకున్నాను. లేని కాఫీని అది ఎక్కడి నుంచి తెచ్చి చూపిస్తుంది?

"తేదీ?" అన్నారు ఇంజనీరు గారు.

స్టూడియోవాడు కవర్లు కలిపేశాడు గాని, ఒక్కో ఫిల్ము ముక్కలోని ఆరు బొమ్మలనూ వరసగానే ఎక్కించి ఉంటాడు. పక్క నంబర్లు తెరిచాం. 1,213లో మా తరగతి నల్లబల్ల ముందు ఒక పిల్లవాడు. 1,217లో అదే నల్లబల్ల ముందు ఒక పిల్ల. కష్టమైన లెక్క చేసినవాళ్ళకు నేనిచ్చే బహుమతి అది, బల్ల పక్కన ఫొటో. బల్ల పై మూలన నా దస్తూరీలో తేదీ. మొదటిదాన్లో 19-1-2006. రెండోదాన్లో 24-1-2006.

నేను మూడుసార్లు పెద్దది చేసి చూశాను. ఆరు ఆరే. నాలుగు కాదు.

చట్టం చెప్పిన తేదీ 2005 డిసెంబరు 13. ఫొటో తీసింది దాని తరవాత ముప్ఫై ఏడు నుంచి నలభై రెండు రోజుల లోపల. 2004 అని నేను సెప్టెంబరు 12న ఎంత ధీమాగా చెప్పాను! తేదీల మనిషినని ఊళ్ళో నాకు పేరు. నా ఏడు పుస్తకాలు పోతే నేనూ అందరిలాంటిదాన్నే.

ఆమె చీపుర్లు అమ్ముకోవాలని సంతకు వెళ్ళింది. నేను తేదీ సంగతి ఆమెకు చెప్పలేదు.

ఇంజనీరు గారు మెల్లగా అన్నారు. "ఈ ఒక్క ఫొటో ఇవ్వండి. పక్కవి ఇవ్వకండి. 2004లో నేను తీశానని మీరొక కాగితం రాసి సంతకం పెట్టండి. రిటైర్డ్ టీచరమ్మ మాట. ఎవరు కాదంటారు?"

"నేను కాదంటాను."

"పొలం పోతే మీ నిజం పట్టుకుని ఏం చేస్తుందండీ ఆవిడ?"

ఆయన వెళ్ళాక కాగితం తీసుకున్నాను. 2004వ సంవత్సరంలో నాచే తీయబడిన, అని రాశాను. ఈ మాట దాచుకోవడం అనవసరం కాబట్టి చెబుతున్నాను. నా డెబ్భై మూడేళ్ళలో ఒక తప్పుడు తేదీ నా చేత్తో రాసింది అదే. పూర్తి చెయ్యలేదు. చింపనూ లేదు. అలా బల్లమీద ఉంచాను.

మర్నాడు ఆటోలో ఆమె గూడేనికి వెళ్ళే దారి మొదట దిగి, మిగతా రెండు కిలోమీటర్లు నడిచాను. రెండుచోట్ల కూర్చోవలసి వచ్చింది. ఫొటో పెద్దదిగా ప్రింటు తీయించి పట్టుకెళ్ళాను. ఆమె అడ్డాకుల విస్తళ్ళు కుడుతోంది. తేదీ చెప్పాను. నలభై రోజులు ఆలస్యమని చెప్పాను. ఫొటో ఇస్తే మనకే ఎదురు తిరుగుతుందని చెప్పాను.

ఆమె ఆకు, పుల్ల కింద పెట్టి ప్రింటును మోకాళ్ళమీద పెట్టుకుంది. ఈసారి భర్తను చూడలేదు. అతని కాళ్ళ దగ్గర చూసింది.

"నలబై రోజుల్లో చోడి పండుతాదేటమ్మా?"

"ఏం?"

"ఈ మోళ్ళు సూడు. కోసేసి ఎండిపోనాయి. చోడి ఎప్పుడు కోత్తాం? చలి మొదట్లో. ఎప్పుడు ఏత్తాం? తొలకరికి. మరి ఆ తొలకరి నీ తారీకుకి ముందా, ఎనకా?"

నెలలు వేళ్ళమీద లెక్కపెట్టుకున్నాను. లెక్కల టీచర్ని.

"ఈ ఓకు మొక్కలు సూడు. నడుంకాడికొచ్చినాయి. ఆ వానల్లో ఏసినవే. ఎండల్లో ఏత్తే బతుకుతాయేటి? ఈ గట్టు మా మామ పేర్చినాడు. రాళ్ళకి నాచు పట్టి ఎండి, తెల్లగా మచ్చలు కట్టినాయి. నలబై రోజుల్లో రాయికి మచ్చ కడతాదేటి? నువ్వు సదువుకున్నావు, నాకు తెలదు."

512 అంకెల్లో ఇది లేదు. మోడల్ రేడియోను పట్టుకుంది, తెల్ల చొక్కాను పట్టుకుంది. నేను తేదీని పట్టుకున్నాను. ఆ పొలంలో వంగి పనిచేసిన మనిషి మోళ్ళను చదివింది. జనవరిలో ఎండిన మోడు అంటే ఆరు నెలల కిందటి విత్తు, డిసెంబరు 13కు ముందటి తొలకరి. అప్పుడు ఆ నేల వారి చేతిలోనే ఉంది. తేదీ ఎంత కచ్చితంగా తెలిస్తే ఆ లెక్క అంత గట్టిగా నిలుస్తుంది. పక్క ఫొటోలు దాచి 2004 అని అబద్ధం రాస్తే రేడియో పట్టుకున్న మనిషి తప్ప ఏమీ మిగలదు. ఇంటికి వచ్చి బల్లమీద కాగితాన్ని చింపేశాను.

ఇక నెగటివ్ ముక్క కావాలి. ఆ మూడు ఫొటోలూ ఒకే ముక్కమీద ఉన్నాయని చూపించకపోతే తేదీ మా మాటే అవుతుంది. రేకు పెట్టెలో 1,034 ముక్కలు. దీనికి ఏ మోడలూ పనికిరాదు. కిటికీ దగ్గర కూర్చుని ఒక్కొక్కటీ వెలుతురుకు ఎత్తి చూశాను. నెగటివ్‌లో తెల్ల చొక్కా నల్లగా ఉంటుంది. ఒక్క కన్నుతో, మూడు రోజులు. ఇంజనీరు గారు అలిగి మొదటి రోజు రాలేదు. రెండో రోజు భూతద్దం పట్టుకుని వచ్చి పక్కన కూర్చున్నారు. 611వ ముక్కలో నల్ల చొక్కా మనిషి దొరికాడు. అంచున ఫ్రేము నంబర్లు 13 నుంచి 18. నల్లబల్ల 13, రేడియో 14, నల్లబల్ల 17.

దసరా సెలవులు పోను అక్టోబరు 6, సోమవారం జిల్లా కేంద్రంలో అప్పీలు ఇచ్చాం. ఇంకొక్క రోజు మిగిలి ఉంది. కాగితాలు తీసుకున్న గుమస్తా ఫొటో కింద నేను రాసిన తేదీ చూసి తల ఎత్తాడు.

"ఏంటమ్మా ఇది? కట్-ఆఫ్ దాటాక తీసిన ఫొటో మీరే తెచ్చి ఇస్తున్నారు?"

"అవును బాబూ. కింద లెక్క ఉంది, చదువు."

చదివాడు. నేను ఒకటిన్నర పేజీ రాశాను. ఎండిన మోళ్ళు, విత్తు నెల, కోత నెల, ఓకు మొక్కల ఎత్తు, గట్టు రాళ్ళమీద మచ్చలు. చివర, కొండ అంచు ఇప్పటికీ అలాగే ఉంది కాబట్టి అదే చోట నిలబడి పోల్చుకోవచ్చునని. అతను మళ్ళీ ఒకసారి ఫొటో చూసి, "రేడియో బావుంది" అని ముద్ర వేశాడు. అది మెచ్చుకోలో వెక్కిరింతో తెలియలేదు. బయటికి వచ్చాక ఆమె అడిగింది.

"ఇచ్చేసినట్టేనా అమ్మా?"

"పుచ్చుకున్నారు. ఇంకా ఇవ్వలేదు."

తరవాతి రోజులు ఎలా గడిచాయో వివరంగా చెప్పలేను. ఫోను మోగితే చేస్తున్న పని వదిలి ఎత్తేదాన్ని. లెక్క సరైనదే. సరైన లెక్కకు మార్కులు వెయ్యని పరీక్షాధికారులను కూడా నేను చూశాను. నా నిజం కోసం ఆమె పొలం పోగొట్టానేమోనని ప్రతి ఉదయం అనుకునేదాన్ని. అబద్ధం రాసి ఉంటే ఈపాటికి పని అయిపోయేదేమోనని కూడా అనుకున్నాను.

డిసెంబరు 9న కాగితం వచ్చింది. హక్కు ఇవ్వలేదు. తిరస్కరణను రద్దు చేశారు. పొలంలోకి మనుషులు వెళ్ళి, ఫొటోలోని గట్టునూ కొండ అంచునూ పోల్చి చూసి, మళ్ళీ నివేదిక ఇవ్వాలని దరఖాస్తును వెనక్కి పంపారు. ఎప్పటిలోగా అన్నది రాయలేదు. గడువు తేదీ లేని ఉత్తర్వు. నాకు అంతకన్నా శిక్ష లేదు.

కాగితం పట్టుకుని పొలానికి వెళ్ళాను. ఆమె నడుముకు బుట్ట కట్టుకుని కాఫీ పళ్ళు కోస్తోంది. ఓకు చెట్ల నీడలో ఆమె ఎక్కడుందో కనిపించక, కేక వేసి పిలవవలసి వచ్చింది. చదివి వినిపించాను. అవుననీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు, మళ్ళీ వస్తారట, ఎప్పుడో తెలియదు అన్నాను.

ఆమె కోసిన గుప్పెడు పళ్ళు బుట్టలో వేసింది.

"అయితే పొమ్మనలేదు కదా?"

"పొమ్మనలేదు."

"వత్తే ఈ గట్టే సూపిత్తాను. ఎక్కడికి పోతాది?" అని, కొమ్మకు వేలాడదీసిన రెండో బుట్ట తీసి నా చేతిలో పెట్టింది. "ఎర్రవే కొయ్యి టీచరమ్మా, పచ్చివి కొయ్యకు. బేగి, ఎండెక్కిపోతాంది."

నేను కళ్ళద్దాలు తుడుచుకుని కొయ్యడం మొదలుపెట్టాను. నా ఎడమ కంటికి ఎరుపూ పచ్చా అంత తేడాగా కనిపించవు. నేను కోసిన వాటిలో పచ్చివి పదకొండు ఆమె ఏరి కింద పడేసింది.